పాట ఎలా ఆగాలో ఏఐ టూల్‌కి ఎలా చెబుతున్నారు? ఫేడ్ అవుటా, ఒక్కసారిగా ఆపడమా?

వెన్నెల_రాతలు

అందరికీ నమస్కారం. నేను పాటలు రాస్తాను, వాయించడం రాదు. ఏఐ టూల్‌తో బాణీ కట్టించుకుంటున్నాను. ఒక పాట చాలా బాగా వచ్చింది, ముగింపు తప్ప. పల్లవి చివరి వరుస ఇది:

నువ్వొచ్చే దాకా ఈ దీపం ఆర్పను

ఈ "ఆర్పను" అన్న మాటతో పాట ఆగిపోవాలని నా కోరిక. వాద్యాలన్నీ ఒక్క దెబ్బతో ఆగాలి, ఆ మాట మాత్రం గాల్లో మిగలాలి. కానీ జరిగింది వేరు. 3:20 దగ్గర ఆ వరుస చక్కగా పూర్తయింది. తర్వాత ఎవరూ అడగని హమ్మింగ్ మొదలైంది. 3:45 దాటాక నేను రాయని మాటలేవో పాడింది. 3:58 దగ్గర ఒక మాట సగంలో ఉండగానే ఫైలు తెగిపోయింది. ఎనిమిది సార్లు మళ్ళీ చేయించాను. ప్రతిసారీ ఇలాగే ఏదో ఒక చోట దారి తప్పుతోంది. ముగింపు చెప్పడానికి పద్ధతేమైనా ఉందా?

బీట్_బాబీ

సింపుల్ అక్కా. లిరిక్స్ చివర `[Fade Out]` అని పెట్టండి. నాకు ప్రతిసారీ పని చేసింది. ఇంకా తేలిక కావాలంటే, పాట నిడివి పెట్టే ఆప్షన్ ఉంటుంది కదా, అందులో 3:20 అని పెట్టేయండి. అక్కడికి ముగించేస్తుంది.

వెన్నెల_రాతలు

బాబీ, నాకు కావలసింది ఫేడ్ కాదు, ఆగడం. అయినా ఒకసారి ప్రయత్నించాను. చివర (మెల్లగా తగ్గుతూ ఆగాలి) అని రాశాను. ఆ అమ్మాయి గొంతు "మెల్లగా తగ్గుతూ ఆగాలి" అని పాడింది. అది కూడా రాగంలోనే, చాలా ఆర్తిగా. ఏం చేయాలో తోచలేదు.

మిక్సు_మూర్తి

వెన్నెల గారూ, ముందు ఆ పాడేసిన సంగతి చెబుతాను. సునో లాంటి టూల్స్‌లో మామూలు బ్రాకెట్‌లో ఉన్నది వెనక గొంతులు పాడాల్సిన మాట. పాటల పుస్తకాల్లో కోరస్ మాటలు అలాగే రాస్తారు కాబట్టి టూల్ కూడా అలాగే తీసుకుంటుంది. సూచన అయితే చతురస్రపు బ్రాకెట్‌లో, ఇంగ్లిష్‌లో, విడిగా ఒక వరుసలో ఉండాలి. తెలుగులో రాస్తే ఎక్కడున్నా పాడేసే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే మీ సాహిత్యమూ తెలుగే. టూల్‌కి ఏది సూచనో, ఏది పాటో తేడా కనబడాలి.

ఇక అసలు విషయం. మీరు ఫేడ్‌నూ హార్డ్ స్టాప్‌నూ ఒకే రకమైన కోరిక అనుకుంటున్నారు. నా లెక్కలో అవి రెండూ వేర్వేరు పనులు. ఫేడ్ అవుట్ అంటే వాల్యూమ్ తగ్గించడం. అది సంగీతంలో జరిగేది కాదు, పాట తయారయ్యాక మిక్సింగ్‌లో చేసేది. అంటే దాన్ని టూల్‌ని అడగాల్సిన పనే లేదు. ఏ ఎడిటర్‌లోనైనా మీరే రెండు నిమిషాల్లో చేసుకోవచ్చు, మీకు నచ్చిన చోట, నచ్చినంత సేపు. హార్డ్ స్టాప్ అలా కాదు. డ్రమ్ము, బేస్, గొంతు అన్నీ ఒకే బీట్ మీదికి వచ్చి దిగాలి. స్వరం ఇంటికి చేరాలి. ఆఖరి దెబ్బ తర్వాత దాని మోత తనంత తాను ఆరాలి. ఇది వాయించినవాళ్ళు చేయాల్సిన పని. ఎడిటర్‌లో కత్తిరించి దీన్ని పుట్టించలేం. కత్తిరిస్తే కరెంటు పోయినట్టుంటుంది.

కాబట్టి నేను టూల్‌ని ఎప్పుడూ ఆగమనే అడుగుతాను. ఫేడ్ నా చేత్తో చేసుకుంటాను.

బీట్_బాబీ

కానీ మూర్తి గారూ, `[Fade Out]` పెడితే నిజంగానే తగ్గుతోంది. నా దగ్గర పది పాటలున్నాయి అలా వచ్చినవి.

మిక్సు_మూర్తి

వస్తుంది బాబీ, కాదనడం లేదు. కానీ ఒకసారి జాగ్రత్తగా విను. చాలాసార్లు అక్కడ తగ్గేది వాల్యూమ్ ఒక్కటే కాదు. డ్రమ్స్ తప్పుకుంటాయి, గొంతు పలచబడుతుంది, చివరికి ఒక ప్యాడ్ మిగులుతుంది. అంటే టూల్ ఒక నెమ్మది ఔట్రో అల్లింది. అది నచ్చితే మంచిదే. నచ్చకపోతే ఏం చేస్తావు? తగ్గిపోయిన శబ్దాన్ని వెనక్కి పెంచితే దానితోపాటు గరగర కూడా పైకొస్తుంది. పూర్తి బలంతో ఉన్న శబ్దాన్ని నేను ఎప్పుడైనా తగ్గించుకోగలను. తగ్గి వచ్చినదాన్ని పెంచుకోలేను.

పాత_రేడియో

నా ఫోన్‌లో ప్లేయర్ సెట్టింగుల్లో క్రాస్‌ఫేడ్ అని ఉంటుంది. దాన్ని 6 సెకన్లు పెట్టుకుంటే ప్రతి పాటా దానంతట అదే మెల్లగా తగ్గి తర్వాతి పాటలో కలిసిపోతుంది. వెన్నెల గారు అది వాడితే సరిపోదా?

వెన్నెల_రాతలు

అది నా ఫోన్‌లో వినడానికి సరిపోతుందండీ. నేను ఈ ఫైలు వేరేవాళ్ళకి పంపాలి. వాళ్ళ ప్లేయర్‌లో ఆ తెగిపోయిన మాట అలాగే వినబడుతుంది.

పాత_రేడియో

ఓ, అర్థమైంది. ఫైలులోనే ముగింపు ఉండాలంటారు.

కోడ్_కాశి

బాబీ చెప్పిన నిడివి సంగతికి వస్తాను. అది టూల్‌ని బట్టి ఉంటుంది, అన్నిచోట్లా ఒకటి కాదు.

మెటా వాళ్ళ మ్యూజిక్‌జెన్ తీసుకోండి. దాన్ని 30 సెకన్ల ముక్కలతో నేర్పించారు. ఆ ముక్కలు పాట మధ్యలో ఎక్కడివైనా కావచ్చు. దానికి మనం ఇచ్చే నిడివి అంటే "ఇన్ని టోకెన్లు రాసి ఆపు" అని మాత్రమే. సెకనుకి 50 చొప్పున లెక్క. కోటా అయిపోగానే ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. పాట ముగియబోతోందన్న సంగతి దానికి తెలిసే దారే లేదు. ప్రాంప్ట్‌లో "ending" అని ఎంత రాసినా పెద్దగా తేడా ఉండదు.

స్టేబుల్ ఆడియో వేరే. దానికి నేర్పేటప్పుడే ప్రతి ముక్కతో పాటు రెండు సంఖ్యలు ఇచ్చారు: ఈ ముక్క అసలు ట్రాక్‌లో ఎన్నో సెకను దగ్గర మొదలవుతుంది, ట్రాక్ మొత్తం ఎన్ని సెకన్లు. కాబట్టి మొత్తం 95 సెకన్లు అని చెబితే, 95 దగ్గరికి వచ్చేసరికి ముగింపు లాంటిదేదో వాయించాలన్న అలవాటు దానికి ఉంది. అక్కడ నిడివి నిజంగానే ముగింపుకి సూచన అవుతుంది. బాబీ అన్నది ఇలాంటి చోట నిజం.

సాహిత్యం ఇచ్చి పాడించే పెద్ద టూల్స్ లోపల ఏం జరుగుతుందో వాళ్ళు బయటపెట్టలేదు. బయట నుంచి చూస్తే, లిరిక్స్ ఎక్కడ అయిపోయాయి, ట్యాగ్ ఏముంది, అంతకుముందు సంగీతం ఎటు పోతోంది, ఈ మూడూ కలిసి ముగింపుని తేలుస్తున్నట్టు కనిపిస్తుంది. ట్యాగ్ వాటికి ఆజ్ఞ కాదు, మిగతా మాటల్లాంటి ఇంకో మాట, అంతే.

బీట్_బాబీ

ఓకే, నేను వాడేదాంట్లో నిడివి పెట్టగానే నీట్‌గా ముగిసింది. అందరికీ అంతే అనుకున్నా.

మిక్సు_మూర్తి

వెన్నెల గారూ, మీ పాటకి టెంపో ఎంత? 3:20 కి ముందు ఆ చివరి వరుస ఎక్కడ మొదలవుతుంది? ఇంకొకటి, మళ్ళీ చేయించినప్పుడల్లా మొత్తం పాట చేయించారా, చివరి భాగమేనా?

వెన్నెల_రాతలు

టెంపో 96 అని చూపిస్తోంది. వరుస 3:10 దగ్గర మొదలవుతుంది. మొదట్లో మొత్తం పాట చేయించాను. తర్వాత 3:20 నుంచి `Extend` చేశాను, ట్యాగులేమీ పెట్టకుండా. పల్లవి పూర్తయ్యాక ముగింపు మాత్రం అతికిద్దామని.

మిక్సు_మూర్తి

దొరికింది. 3:20 నుంచి పొడిగించడమే మీ ఇబ్బంది.

96 టెంపోలో ఒక బీట్‌కి 0.625 సెకను, నాలుగు బీట్ల బార్‌కి 2.5 సెకన్లు. మీ వరుస 3:10 నుంచి 3:20 దాకా, అంటే సరిగ్గా నాలుగు బార్లు. 3:20 దగ్గర పల్లవి పూర్తయింది. డ్రమ్మరు తర్వాతి భాగానికి దారి వేస్తూ ఒక ఫిల్ వాయించి ఉంటాడు, విని చూడండి. ఆ ఫిల్ విన్న ఎవరికైనా "ఇంకా ఉంది" అనే అనిపిస్తుంది. టూల్‌కీ అంతే. మీరు అక్కడి నుంచి పొడిగించమంటే అది కొత్త భాగం మొదలుపెడుతుంది, ఎందుకంటే ముందున్న సంగీతం దాన్నే అడుగుతోంది. ఆ చోటికి వచ్చాక `[End]` అని రాసినా అప్పటికే ఆలస్యం.

ముగింపు అనేది చివరి వరుసలోనే మొదలవ్వాలి. గాయకుడు ఆఖరి వరుస అందుకున్నప్పుడే వాయించేవాళ్ళకి ఇది ఆఖరుదని తెలుస్తుంది. అందుకే పట్టు అక్కడి నుంచే మారుతుంది. కాబట్టి 3:10 నుంచి పొడిగించండి. వీలైతే 3:10 కి కాస్త ముందు, ఆమె ఊపిరి తీసుకునే చోట. మాట మధ్యలో పెడితే అతుకు వినబడుతుంది.

లిరిక్స్ పెట్టెలో పాత సాహిత్యమంతా తీసేయండి. ఇంకా పాడాల్సింది మాత్రమే ఉంచండి. పాతది ఉంచితే మళ్ళీ మొదటి చరణం ఎత్తుకుంటుంది. ఇలా:

```
[Final Line]
నువ్వొచ్చే దాకా ఈ దీపం
ఆర్పను.

[Instruments stop together]
[End]
```

"ఆర్పను" విడిగా ఒక వరుసలో పెట్టాను. ముందు కాస్త ఆగి, దాన్ని ఒంటరిగా పలికే అవకాశం పెరుగుతుంది. చివర చుక్క పెట్టండి. మూడు చుక్కలు వద్దు. మూడు చుక్కలు పెడితే గొంతు సాగదీయడం నేను చాలాసార్లు విన్నాను.

స్టైల్ పెట్టెలో ఫేడ్ గురించి గానీ ఆగడం గురించి గానీ రాయొద్దు. అక్కడ రాసింది పాట మొత్తానికి అంటుకుంటుంది. ఒకసారి అక్కడ "sudden stop" అని రాస్తే చరణం మధ్యలో రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలైంది.

ఒక్కసారికే రాదు. అయిదారు సార్లు చేయించి ఎంచుకోండి. ప్రతిసారీ మొత్తం పాట వినకండి, 3:05 నుంచి మాత్రమే వినండి. లేకపోతే చెవి అలసిపోయి మంచిది కూడా దాటిపోతుంది.

నాట్య_హారిక

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇలాంటిదే, కానీ పాడే పాట కాదు. పిల్లల నృత్యానికి వాద్య సంగీతం చేయించాను. చివరి భంగిమ దగ్గర సంగీతం ఠక్కున ఆగాలి. మోత కూడా ఉండకూడదు, ఎందుకంటే పిల్లలు కదలకుండా నిలబడాలి, మోత ఉంటే వాళ్ళు ఇంకా ఊగుతారు. టూల్ ప్రతిసారీ ఆఖర్లో తాళాల మోత మూడు నాలుగు సెకన్లు వదులుతోంది. కత్తిరిస్తే మూర్తి గారన్నట్టు కరెంటు పోయినట్టే ఉంది.

మిక్సు_మూర్తి

హారిక గారూ, మీకు కత్తిరించడమే దారి, అయితే కత్తిరించే చోటు ముఖ్యం. టెంపో ఎంత?

నాట్య_హారిక

120. ఎనిమిది లెక్కల్లో ఉంటుంది. ఎనిమిదో లెక్క మీద కాదు, తర్వాతి ఒకటి మీద దెబ్బ, అక్కడే భంగిమ.

మిక్సు_మూర్తి

అయితే బీట్‌కి అర సెకను. ఆ దెబ్బని ఎడిటర్‌లో బాగా పెద్దది చేసి చూడండి. శబ్దం ఒక్కసారిగా లేచే చోటు గోడలా కనిపిస్తుంది. అక్కడి నుంచి పావు సెకను దాకా ఉండనివ్వండి, అంటే సగం బీట్. దెబ్బకి ఒళ్ళు ఉండాలి కదా. అది లేకపోతే టిక్కుమని వినబడుతుంది. ఆ పావు సెకను చివర 20 మిల్లీసెకన్ల చిన్న ఫేడ్ పెట్టండి. అది చెవికి ఫేడ్‌లా అనిపించదు, కత్తిరించిన చోట వచ్చే చిటుక్కు శబ్దాన్ని మాత్రం పోగొడుతుంది.

అయినా కరెంటు పోయినట్టు ఉంటే తప్పు ఆ దెబ్బది కాదు. అంతకుముందు వాయించిన వేణువుదో వయొలిన్‌దో ప్రతిధ్వని అక్కడ తెగుతోందన్నమాట. టూల్‌లో వాద్యాలని విడదీసి ఇచ్చే స్టెమ్స్ సదుపాయం ఉంటే తీసుకోండి. డ్రమ్మునీ బేస్‌నీ ఠక్కున ఆపి, రాగం వాయించే వాద్యానికి మాత్రం అర సెకను ఆరే సమయం ఇవ్వండి. వినేవాళ్ళకి ఆగినట్టే ఉంటుంది, తెగినట్టు ఉండదు.

నాట్య_హారిక

స్టెమ్స్ ఉన్నాయి. ప్రయత్నించి చెబుతాను. ఇంకొకటి అడగనా, ఆఖరి పదాన్ని మూడుసార్లు తిప్పి ముక్తాయింపులా చేయించడం కుదురుతుందా? మూడోసారి సరిగ్గా ఒకటి మీద పడాలి.

మిక్సు_మూర్తి

మాటలుంటే కొంత కుదురుతుంది. వరుసని మూడుసార్లు రాసి, మూడోసారి ఆఖరి మాట దగ్గర ఆపితే టూల్ ముగింపు వైపు మొగ్గుతుంది. మాటలు లేని సంగీతంలో మాత్రం లెక్క సరిగ్గా పడేలా చేయించడం నాకు చేతకాలేదు. మూడుసార్లు వాయిస్తుంది, మూడోది అర బీట్ ముందో వెనకో పడుతుంది. నేనైతే ఒక్కసారి బాగా వచ్చినదాన్ని ఎడిటర్‌లో మూడుసార్లు అతికిస్తాను.

వెన్నెల_రాతలు

3:10 నుంచి ఆరు సార్లు చేయించాను. మూడింట్లో మళ్ళీ హమ్మింగ్ వచ్చింది. ఒకదాంట్లో "ఆర్పను" దగ్గర ఆగింది కానీ నిట్టూర్పులా పలికింది, నాకు నచ్చలేదు. రెండింట్లో ఆగింది! అందులో ఒకటి నేను మనసులో విన్నదే. వాద్యాలు "దీపం" మీద ఆగిపోయాయి. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత గొంతు ఒక్కటే "ఆర్పను" అంది. నాలుగుసార్లు విన్నాను. కళ్ళు చెమర్చాయి.

ఒక్క లోపం. ఆ గొంతు మోత ఆరేటప్పుడు చివర ఒక సెకను సేపు ఏదో లోహం గిరగిరా తిరుగుతున్నట్టు శబ్దం వస్తోంది. ఇయర్‌ఫోన్‌లో బాగా తెలుస్తోంది.

మిక్సు_మూర్తి

చాలా సంతోషం. ఆ లోహపు శబ్దం ఈ టూల్స్ అన్నింటిలోనూ నేను విన్నాను. పెద్ద శబ్దం ఉన్నప్పుడు అది దాని వెనక దాక్కుంటుంది. మోత పలచబడేకొద్దీ బయటపడుతుంది. అందుకే హార్డ్ స్టాప్‌లో ఆఖరి రెండు సెకన్లే అన్నిటికన్నా జాగ్రత్తగా వినాల్సినవి.

ఆ శబ్దం మొదలయ్యే చోటుకి కాస్త ముందు నుంచి ఒక సెకను ఫేడ్ పెట్టి మోతని ముందే ముగించేయండి. అప్పుడు పొట్టిగా అనిపిస్తే, ఎడిటర్‌లోని రివర్బ్ ఆ ఒక్క మాటకి వేయండి. ఆ తోక శుభ్రంగా ఉంటుంది. తర్వాత ఒక సెకను పూర్తి నిశ్శబ్దం వదలండి, వెంటనే ఫైలు అయిపోతే తర్వాతి పాట మీద పడిపోతుంది.

పాత_రేడియో

నేను ఒక మాట చెప్పొచ్చా? సాంకేతికం నాకు తెలియదు, పాటలు వినడం తెలుసు. ఈ సాహిత్యానికి ఫేడే సరైనదని నాకనిపిస్తోంది. ఆమె దీపం ఆర్పను అంటోంది. అంటే ఎదురుచూపు ముగియలేదు. పాట ఆగిపోతే ఎదురుచూపు కూడా ఆగినట్టే కదా. మెల్లగా తగ్గుతూ పోతే ఆమె అక్కడే పాడుతూ ఉంది, మనమే దూరం వెళ్ళిపోయాం అన్నట్టుంటుంది.

వెన్నెల_రాతలు

రేడియో గారూ, మీరన్నది చదివి చాలాసేపు ఆలోచించాను. నాకు దానికి తలకిందులుగా అనిపించింది. ఫేడ్ అంటే వెలుగు మెల్లగా తగ్గి ఆరిపోవడం. ఆర్పను అంటూనే ఆరిపోయినట్టు అవుతుందేమోనని భయం. ఆగిపోతే ఆ మాట ప్రమాణంలా నిలుస్తుంది.

నాట్య_హారిక

నాకు ఇద్దరి మాటా సరే అనిపిస్తోంది. ఎవరు దూరంగా వెళ్తున్నారన్నదే తేడా.

మిక్సు_మూర్తి

రెండూ చేసి విని చూడండి. ఫేడ్‌కి కావలసిన సరుకు మీ దగ్గర ఇప్పటికే ఉంది. మీరు పనికిరాదనుకున్న ఆ పాత ఫైలే. 3:20 తర్వాత మొదలైన హమ్మింగ్ 3:45 దాకా సాగిందన్నారు కదా. ఫేడ్‌కి అదే కావాలి. ఏమీ తగ్గకుండా సాగుతున్న సంగీతం, అందులో కొత్త విషయమేదీ రాకూడదు. కొత్త మాట వస్తే చెవి దాన్ని పట్టుకుని వెంటపడుతుంది, తగ్గిపోతుంటే విసుగొస్తుంది.

3:20 నుంచి మొదలుపెట్టి ఆరు బార్లు, అంటే 15 సెకన్లు తగ్గించండి. 3:35 కి ముగుస్తుంది. అర్థంలేని మాటలు 3:45 తర్వాత కాబట్టి అవి రావు. నాలుగు సెకన్ల ఫేడ్ పెడితే ఎవరో పాటని తొందరగా కట్టేసినట్టుంటుంది. ముప్పై సెకన్లు పెడితే సగం నుంచే వినేవాళ్ళు తర్వాతి పాటకి వెళ్ళిపోతారు.

కోడ్_కాశి

ఎడిటర్ లేకపోతే ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్‌తో ఒక్క వరుసలో అయిపోతుంది. 3:20 అంటే 200 సెకన్లు:

```
ffmpeg -i song.wav -af "afade=t=out:st=200:d=15:curve=qua" -t 215 fade.wav
```

`curve=qua` గురించి ఒక మాట. ఏమీ రాయకపోతే అది గీత గీసినట్టు సమానంగా తగ్గిస్తుంది. వినడానికి మాత్రం అలా ఉండదు. సగం సమయానికి 6 డెసిబెల్సే తగ్గుతుంది, చెవికి అది పెద్ద మార్పు కాదు. మిగిలిందంతా ఆఖరి రెండు మూడు సెకన్లలో కుప్పకూలినట్టు పడిపోతుంది. `qua` పెడితే సగానికే 12 డెసిబెల్స్ తగ్గుతుంది, దూరం వెళ్తున్నట్టు వినబడుతుంది. ఎమ్‌పీత్రీ మీద కాకుండా డబ్ల్యూఏవీ ఫైలు మీద చేయండి.

బీట్_బాబీ

కాశి అన్నా, నేను ఇదే చేశాను ఒకసారి. ఫేడ్ సగంలో శబ్దం మళ్ళీ పైకి లేచినట్టు, ఊపిరి పీల్చినట్టు అయింది. ఎందుకు?

కోడ్_కాశి

ఫేడ్ చేశాక సౌండ్ పెంచే మాస్టరింగ్ సైట్ దేనికైనా ఇచ్చావా?

బీట్_బాబీ

అవును. బాగా గట్టిగా రావాలని.

మిక్సు_మూర్తి

అదే కారణం. అలాంటివి నెమ్మదిగా ఉన్న చోటుని పైకి లాగుతాయి. నువ్వు తగ్గిస్తుంటే అది పెంచుతోంది. ముందు మాస్టరింగ్, అన్నీ అయ్యాక ఆఖరున ఫేడ్. ఇంకే మార్పూ దాని తర్వాత ఉండకూడదు.

బీట్_బాబీ

ఆ పది పాటల్లో నాలుగింటికి ఇదే జరిగిందని ఇప్పుడు తెలిసింది. మళ్ళీ చేస్తాను.

నాట్య_హారిక

నాది అయింది. వేణువుకి అర సెకను ఇచ్చి, మిగతావన్నీ పావు సెకను దగ్గర ఆపాను. పిల్లలు కదలకుండా నిలబడ్డారు. ఒకమ్మాయి మాత్రం "అయిపోయిందా అక్కా?" అని అడిగింది. ముక్తాయింపు మీరన్నట్టే ఒకటి మూడుసార్లు అతికించాను, సరిగ్గా పడింది.

వెన్నెల_రాతలు

రెండూ చేసి ఇంట్లో వినిపించాను. ఫేడ్ 15 సెకన్లు పెట్టాను. ఫోన్ స్పీకర్‌లో ఆఖరి నాలుగు సెకన్లు అసలు వినబడలేదు, పాట 3:31 కే అయిపోయినట్టుంది. ఇయర్‌ఫోన్‌లో బాగుంది. అమ్మకి ఫేడ్ నచ్చింది, రేడియో గారన్న మాటే అంది. నేను మాత్రం ఆగే ముగింపే ఉంచుకుంటున్నాను. లోహపు శబ్దం పోయింది, రివర్బ్ నేనే వేశాను.

ఒక్క కోరిక మిగిలింది. "ఈ దీపం" దగ్గర లయ కొద్దిగా నెమ్మదించి, తర్వాత ఆగితే ఇంకా బాగుండేది. `[Slow down]` పెడితే అక్కడే కాకుండా మొత్తం ఆ నాలుగు బార్లూ నెమ్మదించాయి, అతుకు దగ్గర కాలు తడబడినట్టుంది. ఎవరికైనా వచ్చిందా ఇది?

మిక్సు_మూర్తి

`[Ritardando]` అని కూడా పెట్టి చూశాను. ఒకసారి వస్తుంది, నాలుగుసార్లు రాదు. ఎడిటర్‌లో ఆ రెండు బార్లని సాగదీస్తే వాద్యాలు బాగానే ఉంటాయి, గొంతు మాత్రం మత్తుగా మారుతుంది. స్టెమ్స్ తీసుకుని వాద్యాలు సాగదీసి, గొంతుని మాట మాటకీ విడదీసి జరపాలి. అది ఒక సాయంత్రం పని.

వెన్నెల_రాతలు

సాయంత్రం ఉంది నా దగ్గర. ఆదివారం కూర్చుంటాను. మాటలు విడదీయడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి, "నువ్వొచ్చే" నుంచా, "ఈ దీపం" నుంచా?

మిక్సు_మూర్తి

"ఈ" నుంచి. "నువ్వొచ్చే దాకా" వరకు లయ ఉన్నట్టే ఉండనివ్వండి.